గర్భసంచి ఆపరేషన్‌కు తేట తెలుగులో అంగీకార పత్రం

ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే తెలుగు పత్రాల్లో ఇలాంటి వాక్యం తరచుగా కనిపిస్తుంది:

“శస్త్రచికిత్సా సమయమందు తలెత్తు అనూహ్య పరిస్థితుల దృష్ట్యా వైద్యులు అవసరమని భావించిన ఎట్టి ఇతర చికిత్సనైనను నిర్వహించుటకు ఇందుమూలముగా నా సంపూర్ణ సమ్మతిని తెలియజేయుచున్నాను.”

ఇది కోర్టులో నిలబడే వాక్యమని ఆస్పత్రి యాజమాన్యాలు నమ్ముతాయి. తేలిక చేస్తే చట్టం పట్టు సడలుతుందని భయపడతాయి. సడలిందో లేదో చూడటానికి దీన్ని మామూలు తెలుగులోకి మార్చి చూద్దాం: “ఆపరేషన్ చేస్తుండగా డాక్టర్‌కు అవసరమనిపిస్తే ఇంకే చికిత్స అయినా చేయడానికి నేను ఒప్పుకుంటున్నాను.” ఇలా రాసి వినిపిస్తే చదువురాని మనిషి కూడా “ఇంకే చికిత్స అయినా అంటే ఏమిటి?” అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు మొదటి వాక్యంలోనూ జవాబు లేదు. బరువైన మాటల మధ్య ప్రశ్న వినిపించలేదు, అంతే.

ఆస్పత్రి పత్రాలను తెలుగు చేసేటప్పుడు నేను పట్టుకుని నడిచే దారి ఇది. తేట తెలుగు చట్టాన్ని పలుచన చేయదు. మూలంలో తేల్చకుండా వదిలేసిన చోట్లను బయటపెడుతుంది. వాటిని తేల్చవలసినవారు డాక్టరు, ఆస్పత్రి న్యాయ సలహాదారు. అనువాదకుడు సొంతంగా తేల్చేస్తే అది వేరే పత్రం అవుతుంది.

దీన్ని గర్భసంచి తీసే ఆపరేషన్ పత్రం మీద వివరిస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్న మహిళల వాటా అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందుంటాయి. పైగా మన దేశంలో వైద్య అంగీకారానికి హద్దులు గీసిన ప్రధాన తీర్పు కూడా ఈ ఆపరేషన్ గురించే వచ్చింది.

అది 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన సమీరా కోహ్లి తీర్పు. 1995 మే నెలలో 44 ఏళ్ల మహిళ ఒకరు అధిక రక్తస్రావంతో ఒక క్లినిక్‌కు వెళ్లారు. కెమెరా గొట్టం పెట్టి చూసే లాపరోస్కోపీకీ, దాని ద్వారా చేసే చికిత్సకూ సంతకం చేశారు. పొట్ట కోసే లాపరాటమీ అవసరం పడవచ్చని కూడా ఆ పత్రంలో ఉంది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు లోపలి పరిస్థితి చూసి, బయట ఉన్న తల్లి చేత సంతకం పెట్టించి, గర్భసంచినీ రెండు అండాశయాలనూ తీసేశారు. తెలివి ఉన్న వయోజనురాలు కొంతసేపు మత్తులో ఉంటే, అత్యవసరం లేనప్పుడు ఆమె తరఫున తల్లి కూడా ఒప్పుకోవడం కుదరదని కోర్టు చెప్పింది. ఒక చికిత్సకు ఇచ్చిన అంగీకారం మరో చికిత్సకు చెల్లదని, అది రోగికి మేలు చేసేదైనా, సమయమూ ఖర్చూ మిగిల్చేదైనా చెల్లదని తేల్చింది. మినహాయింపు ఒక్కటే: ప్రాణం కాపాడటానికో, ఆరోగ్యం కాపాడటానికో ఆ పని తప్పనిసరై, రోగి మేలుకునే వరకు ఆగడం సబబు కానప్పుడు. అయితే ఆపరేషన్ మధ్యలో అవసరం పడగల ఫలానా అదనపు చికిత్సకు ముందుగానే, ఒకే పత్రంలో అంగీకారం తీసుకోవచ్చని కూడా అదే తీర్పు స్పష్టం చేసింది.

ఈ చివరి మాట మన పనికి ఆయువుపట్టు. “ఎట్టి ఇతర చికిత్సనైనను” అన్న వాక్యం ఆస్పత్రికి అనుకున్నంత రక్షణ ఇవ్వదు. ముందుగా ఊహించగలిగిన అదనపు పనులను పేరు పెట్టి రాసిన వాక్యం ఇస్తుంది. అంటే రోగికి అర్థమయ్యే పత్రానికీ, కోర్టులో నిలిచే పత్రానికీ కావలసింది ఒకటే: ఏం చేస్తారు, ఎంతవరకు చేస్తారు అన్నది విప్పి చెప్పడం.

ఇక అనువాదంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటుకు వద్దాం. “లాపరాటమీ అవసరం పడవచ్చు” అన్న వాక్యం చూడండి. తెలుగులో “వచ్చు” రెండు పనులు చేస్తుంది. “వర్షం రావచ్చు” అంటే అవకాశం. “మీరు లోపలికి రావచ్చు” అంటే అనుమతి. పత్రంలో “డాక్టర్ పొట్ట కోయవచ్చు” అని రాస్తే అది రోగికి చేసిన హెచ్చరికా, రోగి ఇచ్చిన అనుమతా? ఆస్పత్రి అనుమతి అనుకుంటుంది. సంతకం పెట్టిన మనిషి హెచ్చరిక అనుకుంటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఇద్దరు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది అంగీకారం. ఒక్క క్రియా రూపం దగ్గర ఆ రెండు అర్థాలూ విడిపోతున్నాయి.

అందుకే అంగీకార పత్రంలో “వచ్చు” ఒంటరిగా కనిపిస్తే నేను ఆగిపోతాను. దాన్ని రెండుగా విడదీసి, అవకాశాన్ని ఒక వాక్యంలో, అనుమతిని మరో వాక్యంలో పెడతాను. పై వాక్యం ఇలా అవుతుంది:

“కెమెరా గొట్టంతో ఈ ఆపరేషన్ పూర్తి చేయడం కుదరకపోయే అవకాశం ఉంది. అప్పుడు డాక్టర్ నా పొత్తికడుపు దగ్గర కోసి ఇదే ఆపరేషన్‌ను పూర్తి చేయడానికి నేను ఒప్పుకుంటున్నాను. కోత పెద్దదైనా, ఈ పత్రంలో పేరు రాయని అవయవాన్ని తీయడానికి ఈ వాక్యం అనుమతి కాదు.”

ఇక్కడ హద్దు గీస్తున్న మాట “ఇదే”. అది లేకపోతే కోత మారడంతో పాటు ఆపరేషన్ కూడా మారిపోయే సందు మిగులుతుంది. మూడో వాక్యం మూల పత్రంలో ఉండదు. దాన్ని అనువాదకుడు చేర్చకూడదు. డాక్టర్‌కు రాసి పంపే ప్రశ్నల జాబితాలో “కోత మారితే తీసే అవయవాలు కూడా మారతాయా?” అని అడగాలి. ఆయన మారవంటే ఆ వాక్యం ముందు మూల పత్రంలో చేరాలి, తర్వాత తెలుగులోకి రావాలి. ఈ వరుస తప్పితే రెండు భాషల పత్రాలు రెండు వేర్వేరు ఒప్పందాలుగా మిగులుతాయి.

ఆపరేషన్ పేరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. వైద్యులు “టోటల్ హిస్టరెక్టమీ” అంటే గర్భసంచినీ, దాని కింది భాగమైన గర్భసంచి ముఖద్వారాన్నీ కలిపి తీయడం. అండాశయాలు ఆ పేరులో లేవు. దాన్ని “సంపూర్ణ గర్భాశయ తొలగింపు” అని రాసినా, “గర్భసంచి మొత్తం తీసేయడం” అని రాసినా, వినే మనిషి లోపల ఉన్నవన్నీ తీసేస్తారని అనుకునే వీలుంది. ఇటువైపు “గర్భసంచి ఆపరేషన్” అని మాత్రమే రాస్తే, ముఖద్వారం ఉంచుతారో తీస్తారో తెలియదు. ముఖద్వారం మిగిలితే తర్వాత కూడా దానికి క్యాన్సర్ పరీక్ష అవసరమవుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

నా పద్ధతి ఏమిటంటే, వైద్యుల పేరును తెలుగు లిపిలో ఒక్కసారి రాస్తాను. ఆస్పత్రి రికార్డులోని పేరుతో పత్రం సరిపోలాలి కదా. వెంటనే దాని కింద ఏం తీస్తారో, ఏం ఉంచుతారో విడిగా రాస్తాను:

“నాకు చేసే ఆపరేషన్ పేరు టోటల్ అబ్డామినల్ హిస్టరెక్టమీ. ఇందులో పొత్తికడుపు దగ్గర కోసి నా గర్భసంచినీ, దాని ముఖద్వారాన్నీ తీసేస్తారు. ఆ తర్వాత నాకు నెలసరి రాదు. నేను ఇక గర్భం దాల్చలేను. అండాశయాల సంగతి కింద విడిగా రాసి ఉంది.”

ఆ కింద అండాశయాలకు మూడు గళ్లు ఉండాలి. మొదటిది, రెండు అండాశయాలనూ ఉంచాలి, జబ్బు కనిపించినా నన్ను అడిగాకే తీయాలి. రెండోది, ఆపరేషన్‌లో జబ్బు కనిపించిన అండాశయాన్ని మాత్రమే తీయడానికి ఒప్పుకుంటున్నాను. మూడోది, రెండింటినీ తీయడానికి ఒప్పుకుంటున్నాను. మూల పత్రంలో ఇక్కడ సాధారణంగా “అండాశయం మరియు/లేదా అండాశయాలు” అన్న గీత గుర్తు ఉంటుంది. ఆ ఏటవాలు గీతను తెలుగులో చదివి వినిపించడమే కష్టం. దాన్ని గళ్లుగా విడదీస్తే వినడానికి సులువు, నిర్ణయం ఎవరిదో కూడా కాగితం మీద కనిపిస్తుంది. మూడో గడి పక్కన దాని ఫలితం కూడా రాయాలి: నెలసరి ఇంకా ఆగని వయసులో రెండు అండాశయాలూ తీస్తే హార్మోన్ ఒక్కసారిగా తగ్గి ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, ఎముకలు బలహీనపడే ముప్పు పెరుగుతుంది.

మొదటి గడిలో ఒక లోటు ఉంది. ఎవరూ ఊహించని ప్రాణాపాయం వస్తే? అక్కడ తీర్పులోని మినహాయింపు రాయాలి, అదీ పూర్తిగా రాయాలి. చాలా అనువాదాలు దాన్ని “అత్యవసర పరిస్థితిలో” అన్న ఒక్క మాటతో సరిపెడతాయి. తీర్పులో రెండు షరతులు ఉన్నాయి, రెండూ కలిసి ఉండాలి. ఆ పని ప్రాణాన్ని గానీ ఆరోగ్యాన్ని గానీ కాపాడటానికి అవసరమై ఉండాలి. రోగి మేలుకుని జవాబు చెప్పే వరకు ఆగడం సబబు కాకూడదు. “నా ప్రాణం లేదా ఆరోగ్యం కాపాడటానికి తప్పనిసరి అయి, నేను మేలుకునే వరకు ఆగితే నాకు ముప్పు అయితేనే, ఈ పత్రంలో లేని పని డాక్టర్ చేయాలి” అని రాస్తే రెండూ నిలుస్తాయి. చివర “అయితేనే”లో ఉన్న “నే” తీసేస్తే షరతు కాస్తా ఉదాహరణగా మారిపోతుంది. తేట తెలుగుకు చట్టపు పట్టు ఇలాంటి చిన్న ప్రత్యయాల్లోనే ఉంది. “మాత్రమే”, “తప్ప”, “వరకు”, “అయితేనే” అన్నవి ఎంత పామరులకైనా తెలిసిన మాటలు. “ఇందుమూలముగా”, “ఎట్టి” చేయలేని పనిని అవి చేస్తాయి.

మాటల నిలకడ గురించి ఒక సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. వ్యాసం రాసేటప్పుడు ఒకే మాట మళ్లీ మళ్లీ రాకుండా చూసుకోవడం మనకు బడిలో అలవాటైంది. పత్రంలో ఆ అలవాటు పనికిరాదు. మొదటి పేజీలో గర్భసంచి, రెండో పేజీలో గర్భాశయం అని రాస్తే అవి రెండు వేర్వేరు అవయవాలేమో అన్న అనుమానం వస్తుంది. లాయరు కూడా అదే అడుగుతాడు, మాట మార్చారంటే అర్థం మార్చారా అని. ఒక వస్తువుకు ఒక పేరు, చివరి వరకు అదే పేరు. అలాగే “మూత్రనాళం” అన్న మాట వినేవారికి మూత్రం బయటికి వచ్చే దారిగా తోస్తుంది. ఈ ఆపరేషన్‌లో దెబ్బ తగిలే భయం ఉన్నది కిడ్నీ నుంచి మూత్రసంచికి వచ్చే గొట్టానికి. దాన్ని అలాగే, “కిడ్నీ నుంచి మూత్రసంచికి మూత్రం తెచ్చే గొట్టం” అని రాయడం మంచిది. నాలుగు మాటలు ఎక్కువైనా నష్టం లేదు.

ముప్పుల జాబితాలో తూకం తప్పడం ఇంకా సులువు. మూలంలో “అసాధారణం”, “అరుదు”, “చాలా అరుదు” అని మూడు మెట్లు ఉంటాయి. వైద్యులకు వాటికి లెక్కలు ఉన్నాయి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ వాడే కొలతలో “అరుదు” అంటే వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువ, పదివేల మందిలో ఒకరికన్నా ఎక్కువ. తెలుగులో “అరుదుగా జరుగుతుంది” అంటే వినేవారికి “నాకు జరగదు” అన్న ధైర్యమే మిగులుతుంది. కాబట్టి అంకెలే రాయాలి, అన్నీ ఒకే లెక్కన రాయాలి. ఆ కాలేజీ పొట్ట కోసి చేసే గర్భసంచి ఆపరేషన్ కోసం ఇచ్చిన సూచనలో తీవ్రమైన చిక్కులన్నీ కలిపి వందలో 4, మూత్రసంచికో దాని గొట్టానికో దెబ్బ తగలడం వెయ్యిలో 7 అని ఉంది. ఇలాగే వదిలేస్తే వినేవారు 7 పెద్దది, 4 చిన్నది అనుకుంటారు. రెండింటినీ వెయ్యిలోకి మార్చి ఇలా రాయాలి:

“ఈ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 1000 మందిలో సుమారు 40 మందికి ఏదో ఒక తీవ్రమైన చిక్కు వస్తుంది. ఆ 1000 మందిలో సుమారు ఏడుగురికి మూత్రసంచికి గానీ, కిడ్నీ నుంచి దానికి మూత్రం తెచ్చే గొట్టానికి గానీ దెబ్బ తగులుతుంది.”

ఏ అంకెలు వాడాలో నిర్ణయించేది డాక్టరే. అనువాదకుడు చూడవలసింది ఒకే హారం ఉందా, “సుమారు” పోకుండా ఉందా అన్నది. తీర్పు కూడా గణనీయమైన ముప్పులు చెప్పాలంటుంది గానీ, ఎక్కడో జరగగల ప్రతి దాన్నీ ఏకరువు పెట్టి భయపెట్టమనదు. మూలంలో ముప్పై ముప్పులు ఉంటే వాటిలో ఏవి తగ్గించాలో డాక్టర్‌ను అడగాలి. అడగకుండా తగ్గించడం మాత్రం తప్పు.

ఇదే జాగ్రత్త జబ్బు పేరు దగ్గర కూడా ఉండాలి. గర్భసంచిలో గడ్డలు అనగానే క్యాన్సర్ భయం ముందుకొస్తుంది. ఆ భయం తీర్చాలని “ఇవి క్యాన్సర్ గడ్డలు కావు” అని రాస్తే అది హామీ అయిపోతుంది. తీసిన అవయవాన్ని ల్యాబులో చూశాకే ఆ మాట ఖాయంగా చెప్పగలరు. “ఇప్పటివరకు చేసిన పరీక్షల్లో క్యాన్సర్ కనిపించలేదు. తీసిన గర్భసంచిని ల్యాబుకు పంపి మళ్లీ చూస్తారు” అంటే భయమూ తగ్గుతుంది, లేని హామీ కూడా ఉండదు. వేరే దారులు కూడా ఇక్కడే రావాలి: మందులు, హార్మోన్ ఉన్న లూప్ వేయించుకోవడం, గడ్డలను మాత్రమే తీయించుకోవడం, ఏమీ చేయించుకోకుండా కొన్నాళ్లు చూడటం. వీటిలో ఆమెకు ఏవి పనికొస్తాయో, ఏవి రావో డాక్టర్ చేతిరాతతో నింపే ఖాళీ ఉండాలి. అచ్చువేసిన జాబితా అందరికీ ఒకటే కాబట్టి ఆమెకు వివరించారనడానికి అది సాక్ష్యం కాదు.

సంతకాల చోట తెలుగు స్వభావం మరో విధంగా మోసం చేస్తుంది. మన వాక్యంలో కర్త లేకపోయినా లోటు తెలియదు. “అన్ని విషయాలు వివరించారు, అర్థమయ్యాయి, ఒప్పుకుంటున్నాను” అని హాయిగా రాసేస్తాం. ఎవరు వివరించారు? డాక్టరా, నర్సా, సంతకాలు పెట్టించే ఉద్యోగా? కోర్టులో మొదట వచ్చే ప్రశ్న ఇదే. “తీసివేయబడును” లాంటి కర్మణి వాక్యాల్లోనూ ఇదే ఇబ్బంది. కాబట్టి ప్రతి క్రియకూ కర్తను రాయాలి: “డాక్టర్ ______ నాకు ఈ ఆపరేషన్ గురించి తెలుగులో చెప్పారు. నా ప్రశ్నలకు జవాబులు ఇచ్చారు.” చదవడం రానివారి కోసం ఇంకో వాక్యం, దాన్ని చదివి వినిపించినవారి పేరు, తేదీ, సమయం, ఆస్పత్రి సిబ్బంది కాని సాక్షి సంతకం ఉండాలి. సమయం రాయడం చాదస్తం కాదు. మత్తు ఇంజెక్షన్ తర్వాత పెట్టిన వేలిముద్రకు విలువ ఉండదు.

భర్త సంతకం సంగతి సున్నితమైనది. వైద్యుల నడవడికపై 2002లో వచ్చిన భారత వైద్య మండలి నిబంధనల్లో, సంతానం కలగకుండా పోయే ఆపరేషన్‌కు భార్యాభర్తలిద్దరి అంగీకారం కావాలని ఉంది. ఆస్పత్రులు దాన్ని పట్టుకుని ఒకే వాక్యం కింద ఇద్దరి సంతకాలు తీసుకుంటాయి, కొన్నిసార్లు భర్త సంతకంతోనే పని కానిస్తాయి. నిబంధన ఇద్దరినీ అడిగింది, ఆమె బదులు అతన్ని అడగలేదు. కాబట్టి పత్రంలో ఆమెకు “నేను” అంటూ సొంత వాక్యాలు, సొంత సంతకం ఉండాలి. అతనికి విడిగా ఇంకో గడి: “నా భార్యకు ఈ ఆపరేషన్ చేస్తే ఇక పిల్లలు పుట్టరని నాకు తెలుసు. దీనికి నేనూ ఒప్పుకుంటున్నాను. నా సంతకం ఆమె సంతకానికి బదులు కాదు.”

పత్రం తయారయ్యాక పరీక్ష ఎలా? మూలం చూడని మరొకరి చేత తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చడం అందరూ చేసే పద్ధతి. అది అవసరమే, కానీ చాలదు. “ద్వైపార్శ్వ అండాశయ నిర్మూలన” అని రాసి చూడండి, తిరిగి వచ్చే ఇంగ్లీషు మూలంతో అక్షరం పొల్లు పోకుండా కలుస్తుంది. రోగికి మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. తేట తెలుగు తిరిగి వెళ్లినప్పుడు పొడుగ్గా, మూలానికి దూరంగా కనిపిస్తుంది. పోల్చేవారు దాన్నే తప్పు అంటారు. తిరుగు అనువాదం అర్థం మారిందా లేదా అన్నది చెబుతుంది, అర్థమైందా లేదా అన్నది చెప్పలేదు.

ఆ రెండోదానికి ఓపీకి వచ్చే మహిళల్లోనే కొందరికి పత్రం చదివి వినిపించి, తిరిగి వారి మాటల్లో చెప్పమనాలి. “అర్థమైందా?” అని అడిగితే అందరూ అయిందనే అంటారు. అడగవలసినవి వేరు. ఆపరేషన్ అయ్యాక ఒంట్లో ఏవేవి ఉండవు? డాక్టర్ లోపల ఇంకో జబ్బు చూస్తే ఏం చేయాలి? రేపు పొద్దున ఆపరేషన్ గదికి తీసుకెళ్లే ముందు మీరు వద్దంటే ఏమవుతుంది? రెండో ప్రశ్నకు “డాక్టర్ ఇష్టం” అన్న జవాబు వస్తే ఆ వాక్యం ఓడిపోయినట్టే. మూడో ప్రశ్నకు చాలామంది కట్టిన డబ్బు గురించి మాట్లాడతారు. కాబట్టి ఆస్పత్రి విధానం కనుక్కుని, “మత్తు ఇచ్చే వరకు ఎప్పుడైనా నేను వద్దనవచ్చు. దాని వల్ల నాకు వేరే వైద్యం చేయడం ఆపరు” అన్న వాక్యం పక్కనే డబ్బు సంగతీ రాయించాలి. ఈ వాక్యంలోని “వద్దనవచ్చు” అనుమతి అర్థంలోనే ఉంది, కర్త “నేను” కావడం వల్ల ఇక్కడ తికమక లేదు.

చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: తెలుగు ప్రతికీ ఇంగ్లీషు ప్రతికీ తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది అని. వ్యాపార ఒప్పందాల నుంచి తెచ్చి అతికించిన వాక్యం ఇది. ఇక్కడ అది చదువుకున్న కంపెనీల మధ్య ఒప్పందం కాదు. ఆమె విన్నది తెలుగు, ఒప్పుకున్నది తెలుగులో ఉన్నది. వినని ప్రతి చెల్లుతుందని రాయడం అంటే ఆమెకు తెలియనిదానికి ఆమె ఒప్పుకుందని రాయడమే. దాన్ని తెలుగులో మామూలు మాటల్లో పెట్టి న్యాయ సలహాదారుకు చదివి వినిపిస్తే చాలు, సాధారణంగా ఆయనే తీసేయమంటారు. దాని స్థానంలో ఏ ప్రతి, ఏ తేదీన సవరించింది, దానికి జోడీ అయిన ఇంగ్లీషు ప్రతి సంఖ్య ఎంత అన్నది అచ్చువేయాలి. ఇంగ్లీషు ప్రతి మారిన రోజున పాత తెలుగు కాగితాల కట్టను వార్డులోంచి తీసేయించే పని ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.